తహసీల్దారు ఉత్తర్వులో తప్పు ఎక్కడుంది: పరిధి బయటా, పరిధి లోపలా, కాగితం మీదా

ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూముల కేసుల్లో తహసీల్దారు ఉత్తర్వు మీద హైకోర్టుకు వెళ్లే రిట్ పిటిషన్లలో ఒక వాక్యం దాదాపు తప్పకుండా ఉంటుంది: 'ఈ ఉత్తర్వు అధికార పరిధి లేకుండా ఇచ్చినది.' తహసీల్దారు సాక్ష్యాన్ని నమ్మకపోయినా అదే వాక్యం, సెక్షన్‌ను తప్పుగా చదివినా అదే వాక్యం, అసలు ఆ భూమి ఆ చట్టం కిందికే రాకపోయినా అదే వాక్యం. మూడూ తప్పులే కావచ్చు. కానీ చట్టం ఈ మూడింటినీ ఒకే గాట కట్టదు. ఏ తప్పుకు ఏ తలుపు తట్టాలో తేల్చుకోకుండా దాఖలు చేసిన పిటిషన్, కేసులో బలం ఉన్నా, 'అప్పీలుకు వెళ్లండి' అన్న ఒక్క పేరాతో వెనక్కి వస్తుంది. అప్పటికి అప్పీలు గడువు కూడా దాటిపోయి ఉంటుంది.

ఈ తేడా స్పష్టంగా కనిపించాలంటే ఒకే ఉత్తర్వును మూడు రకాలుగా మార్చి చూడాలి. నెల్లూరు జిల్లా పొదలకూరు వైపు మెట్టలో 2 ఎకరాల 40 సెంట్ల భూమి ఉందనుకుందాం. ప్రభుత్వం ఒకప్పుడు దాన్ని డీకేటీ పట్టా మీద ఒక రైతుకు ఇచ్చింది. ఆయన 1974లో మరో రైతుకు అమ్మాడు. కొన్న రైతు బోరు వేసి నిమ్మతోట పెట్టాడు. చాలా ఏళ్ల తర్వాత ఎవరో అర్జీ పెడితే వీఆర్వో నివేదిక పంపాడు, తహసీల్దారు నోటీసు ఇచ్చి విచారించి, కొన్న రైతును ఖాళీ చేయించి భూమి స్వాధీనం చేసుకోవాలని ఉత్తర్వు ఇచ్చాడు. దీనికి ఆధారం 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం, అందరూ పిలిచే మాటలో 9/77 చట్టం. 3వ సెక్షన్ అమ్మకాన్ని నిషేధిస్తుంది, 4వ సెక్షన్ స్వాధీనం చేసుకునే అధికారం ఇస్తుంది. 20 ఏళ్లు దాటిన అసైన్‌మెంట్ల విషయంలో 2023లో వచ్చిన సవరణ వేరే చర్చ కాబట్టి, ఈ ఉత్తర్వు అంతకు ముందే వచ్చిందనుకుందాం.

ముందుగా పరిధి సంగతి. 4వ సెక్షన్ తహసీల్దారుకు అన్ని భూముల మీదా అధికారం ఇవ్వలేదు. 'అసైన్డ్ భూమి' మీద మాత్రమే ఇచ్చింది. 2వ సెక్షన్ నిర్వచనం ప్రకారం అసైన్డ్ భూమి అంటే భూమి లేని పేదలకు అప్పటి నిబంధనల కింద, పరాధీనం చేయకూడదన్న షరతుతో ప్రభుత్వం ఇచ్చిన భూమి. ఇందులో రెండు ముక్కలున్నాయి: పేదవాడికి అసైన్ చేసి ఉండాలి, అమ్మకూడదన్న షరతు ఉండాలి. ఈ రెండూ ఉంటేనే తహసీల్దారు ఆ ఫైలును 9/77 కింద తెరవగలడు. న్యాయవాదులు దీన్నే జ్యూరిస్‌డిక్షనల్ ఫ్యాక్ట్ అంటారు. అధికారం పుట్టడానికి ముందే ఉండి తీరాల్సిన వాస్తవం అది.

ఇప్పుడు మొదటి రకం ఉత్తర్వు చూద్దాం. మన ఉదాహరణలో పట్టా 1949లో ఇచ్చినది. నెల్లూరు అప్పుడు మద్రాసు ప్రావిన్సులో ఉంది. ఆంధ్ర ప్రాంతంలో అసైన్‌మెంట్లకు పరాధీనం చేయకూడదన్న షరతును సాధారణ నియమంగా పెట్టినది 18-6-1954 నాటి రెవెన్యూ జీవో 1142. అంతకు ముందు ఇచ్చిన పట్టాలో ఆ షరతు లేకపోతే ఆ భూమి 2వ సెక్షన్ నిర్వచనంలోకి రాదు. అయినా తహసీల్దారు 'ఇది ప్రభుత్వం ఇచ్చిన భూమి కాబట్టి అసైన్డ్ భూమే' అని రాసి 4వ సెక్షన్ వాడాడు. ఇది పరిధి తప్పు. తనకు అధికారం ఉందా లేదా అన్న ప్రశ్నకు తప్పు జవాబు చెప్పుకుని, ఆ తప్పు జవాబుతోనే అధికారం తెచ్చుకున్నాడు. దీన్ని సుప్రీంకోర్టు చాలా కాలం నుంచీ ఒప్పుకోవడం లేదు. 1959 నాటి చౌబే జగదీష్ ప్రసాద్ కేసు అద్దె నియంత్రణకు సంబంధించినది. ఇల్లు ఫలానా తేదీ తర్వాత కట్టినదైతేనే కింది కోర్టుకు అద్దె నిర్ణయించే అధికారం ఉంది. ఆ తేదీని తప్పుగా తేల్చి అధికారం సంపాదించుకోవడం కుదరదని, పై కోర్టు ఆ విషయాన్ని మళ్లీ పరిశీలించవచ్చని అక్కడ తేలింది.

ఇక్కడ ఆచరణలో ఒక చిక్కుంది. 1954కు ముందు తేదీ ఉంటే చాలు, కేసు గెలిచినట్టే అనుకుంటారు. తేదీ ఒక్కటే చాలదు. మద్రాసు ప్రభుత్వ కాలంలో కూడా కొన్ని వర్గాలకు ఇచ్చిన పట్టాలకు అమ్మకం షరతులు ఉండేవి. కాబట్టి పట్టా నకలు, డీకేటీ రిజిస్టరు, ఉంటే అసైన్‌మెంట్ ఫైలు, అడంగళ్లు తీయించాలి. షరతు అన్న మాట పట్టాలో ఉందో లేదో చదివి చూడాలి. పట్టా నకలు దొరకడం లేదని, తాలూకా నాటి రికార్డు మండలాఫీసుకు రాలేదని ఎండార్స్‌మెంట్ ఇస్తే, అది కూడా పనికొచ్చే కాగితమే. ఎందుకంటే షరతు ఉందని చెప్పేది ప్రభుత్వం, చూపించాల్సింది కూడా ప్రభుత్వమే. 4వ సెక్షన్‌లో ఒక ఊహ ఉంది: అసైన్డ్ భూమి అసలు పట్టాదారు చేతిలో కాక వేరేవారి చేతిలో ఉంటే, కాదని రుజువయ్యే దాకా నిషేధం ఉల్లంఘన జరిగినట్టే భావించాలి. ఆ ఊహ ఉల్లంఘన గురించే గాని భూమి స్వభావం గురించి కాదు. భూమి అసైన్డ్ అని తేలిన తర్వాతే అది పని మొదలుపెడుతుంది. చాలా ఉత్తర్వులు ఈ వరుసను తిరగేస్తాయి. వేరేవారి స్వాధీనంలో ఉంది కాబట్టి ఉల్లంఘన, ఉల్లంఘన కాబట్టి అసైన్డ్ అని రాస్తాయి. కావలి, ఉదయగిరి ప్రాంతాల్లో చుక్కల భూముల విషయంలోనూ ఇదే జరుగుతుంది. రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో పేరు గడిలో చుక్కలున్నంత మాత్రాన ఆ భూమిని ఎవరికో షరతు మీద అసైన్ చేసినట్టు కాదు. చుక్కలు 9/77 అధికారాన్ని పుట్టించలేవు.

పరిధి లేకపోవడానికి ఇంకో తేలికైన రూపం సంతకం. 4వ సెక్షన్ అధికారం తహసీల్దారుకు తగ్గని హోదా ఉన్నవారిదే. డిప్యూటీ తహసీల్దారు తన హోదాలోనే ఉత్తర్వు ఇస్తే అది నిలవదు. అయితే ఆయన తహసీల్దారుగా పూర్తి అదనపు బాధ్యతల్లో ఉండగా ఇచ్చి ఉండవచ్చు కనుక, ఈ పాయింటు రాసే ముందు ఆ రోజు ఇన్‌ఛార్జి ఉత్తర్వు ఏమైనా ఉందో కనుక్కోవాలి. ఇక నోటీసు ఇవ్వకుండా, చెప్పుకునే అవకాశం లేకుండా ఇచ్చిన ఉత్తర్వును కూడా కోర్టులు పరిధి దాటిన ఉత్తర్వులతో సమానంగానే చూస్తాయి.

రెండో రకం ఉత్తర్వుకు వద్దాం. ఇప్పుడు పట్టా 1961 నాటిది, షరతు స్పష్టంగా ఉంది, భూమి అసైన్డ్ అని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. కొన్న రైతు 3వ సెక్షన్ ఐదో ఉపవిభాగం మీద ఆధారపడ్డాడు. చట్టం అమల్లోకి వచ్చిన 21-1-1977కు ముందే, భూమి లేని పేదవాడు సద్బుద్ధితో, తగిన ప్రతిఫలం ఇచ్చి కొని స్వాధీనంలో ఉంటే నిషేధం వర్తించదని అది చెబుతుంది. ఆయన చూపింది 1974 నాటి రిజిస్టరు కాని అమ్మకం కాగితం, 1980 నుంచి శిస్తు రసీదులు, ఇద్దరు పొరుగు రైతుల వాంగ్మూలాలు. తహసీల్దారు వాటిని చదివాడు. 1974 నుంచి 1980 వరకు రసీదులు ఎందుకు లేవని అడిగాడు, జవాబు తృప్తికరంగా లేదన్నాడు, కాగితం తర్వాత పుట్టించినదని తేల్చాడు.

ఈ నిర్ణయం తప్పు కావచ్చు. అదే ఫైలు మరో అధికారి చదివి ఉంటే రైతు పక్షానే తీర్పు రావచ్చు. అయినా ఇది పరిధి లోపలి తప్పే. భూమి అసైన్డ్ అన్నది వివాదంలో లేదు. మినహాయింపు వర్తిస్తుందా లేదా తేల్చమని చట్టం ఈ అధికారికే అప్పగించింది. తేల్చమన్నప్పుడు సరిగ్గా తేల్చే అధికారంతో పాటు తప్పుగా తేల్చే అవకాశం కూడా అందులోనే ఉంటుంది. ఆ తప్పు దిద్దడానికే 4-ఎ సెక్షన్ కింద ఆర్డీవో దగ్గర అప్పీలు పెట్టారు. అప్పీలులో ఆర్డీవో సాక్ష్యాన్ని మొత్తం మళ్లీ తూకం వేయవచ్చు. రిట్‌లో హైకోర్టు ఆ పని చేయదు.

ఈ హద్దు గీసినది 1963లో వచ్చిన సయ్యద్ యాకూబ్ తీర్పు. మద్రాసు–చిదంబరం రూటులో బస్సు పర్మిట్ల తగాదా అది. కింది అధికారి ఉత్తర్వును రద్దు చేయమని కోరే సెర్షియోరరీ రిట్ వినే కోర్టు అప్పీలు కోర్టు కాదని, ట్రిబ్యునల్ సాక్ష్యం చూసి తేల్చిన వాస్తవం ఎంత తప్పుగా కనిపించినా మళ్లీ తెరవకూడదని, సాక్ష్యం చాలిందా లేదా అన్నది ట్రిబ్యునల్ సొంత విషయమని అందులో చెప్పారు. కాని అదే తీర్పు ఒక కిటికీ కూడా తెరిచి ఉంచింది. ఏ సాక్ష్యమూ లేకుండా వాస్తవం తేల్చినా, స్వీకరించాల్సిన ముఖ్యమైన సాక్ష్యాన్ని తప్పుగా తోసిపుచ్చినా అది వాస్తవ దోషం కాదు, చట్ట దోషం అవుతుంది. మన ఉదాహరణలో తహసీల్దారు పొరుగు రైతుల వాంగ్మూలాలు తీసుకుని నమ్మకపోతే చేయగలిగింది అప్పీలే. వాళ్లు వచ్చి నిలబడినా 'అక్కర్లేదు' అని వాంగ్మూలం రాసుకోకుండా పంపించేస్తే రిట్‌కు దారి ఉంది. అందుకే విచారణ రోజు సాక్షులను తెచ్చామని, వినమని కోరామని ఒక మెమో ఇచ్చి రసీదు ముద్ర వేయించుకోవాలి. ఆ మెమో లేకపోతే ఈ రెండు పరిస్థితుల మధ్య తేడాను తర్వాత చూపించడం చాలా కష్టం.

ఇప్పుడు మూడో రకం. అదే 1961 పట్టా, అదే 1974 కొనుగోలు. ఈసారి తహసీల్దారు కొనుగోలును నమ్మాడు, సద్బుద్ధితో కొన్నాడని, డబ్బు ఇచ్చాడని రాశాడు. తర్వాత ఉత్తర్వులో ఇలా ఉందనుకుందాం: 'కొనుగోలుదారుకు ఈ భూమితో కలిపి మొత్తం 4 ఎకరాల మెట్ట ఉంది. వేరే జీవనాధారం లేదని వీఆర్వో నివేదించాడు. అయినా రెండున్నర ఎకరాలు మించింది కాబట్టి ఆయన భూమి లేని పేదవాడు కాడు.' ఇప్పుడు చట్టం 2వ సెక్షన్ తెరిస్తే, భూమి లేని పేదవాడి హద్దు మాగాణి అయితే రెండున్నర ఎకరాలు, మెట్ట అయితే ఐదు ఎకరాలు. తహసీల్దారు మాగాణి కొలతను మెట్ట భూమికి వాడాడు. ఈ తప్పు చూపడానికి ఒక్క సాక్షినీ పిలవనక్కర్లేదు, ఒక్క కాగితాన్నీ అనుమానించనక్కర్లేదు. వాస్తవాలన్నీ తహసీల్దారు రాసినవే. ఉత్తర్వు పక్కన సెక్షన్ పెడితే చాలు. రికార్డు మీద కనిపించే తప్పు అంటే ఇదే.

ఏది కనిపించే తప్పు, ఏది కాదు అని ఒక్క సూత్రంలో చెప్పలేమని సుప్రీంకోర్టు 1954లో హరి విష్ణు కామత్ కేసులోనే ఒప్పుకుంది. ఈ భావనలోనే కొంత అనిశ్చితి ఉందని, ప్రతి కేసులో వాస్తవాలను బట్టి తేల్చాలని అంది. తర్వాతి తీర్పులు రెండు ఆనవాళ్లు ఇచ్చాయి, పనికి రెండూ చాలు. 1959లో సత్యనారాయణ లక్ష్మీనారాయణ హెగ్డే కేసులో చెప్పింది: రెండు అభిప్రాయాలకు చోటున్న విషయంలో సుదీర్ఘంగా తర్కించి నిరూపించాల్సిన తప్పును కనిపించే తప్పు అనలేం. రెండోది 1963లో తుంగభద్ర ఇండస్ట్రీస్ కేసు, మన రాష్ట్ర ప్రభుత్వానికీ నూనె కంపెనీకీ మధ్య అమ్మకం పన్ను గొడవ. పెద్ద వాదన అక్కర్లేకుండా తప్పును చూపించగలగాలి, దాని మీద రెండు అభిప్రాయాలకు తావుండకూడదు అన్నది దాని సారం. ఇది సివిల్ ప్రొసీజర్ కోడ్ 47వ ఆర్డరు కింద రివ్యూ గురించి చెప్పిన మాట. అక్కడా ఇక్కడా పదం ఒక్కటే, కాని తలుపులు వేరు. రివ్యూ ఉత్తర్వు ఇచ్చిన కోర్టునే దిద్దుకోమంటుంది, సెర్షియోరరీ పై కోర్టు చేత రద్దు చేయిస్తుంది. రివ్యూ పిటిషన్‌లో అప్పీలు గ్రౌండ్లన్నీ తెచ్చి పెట్టడం మన కోర్టుల్లో తరచూ కనిపించే పొరపాటు.

ఈ రెండో ఆనవాలును మన ఉదాహరణ మీద పెట్టి చూస్తే హద్దు తెలుస్తుంది. తహసీల్దారు 'నాలుగు ఎకరాలు మెట్ట, హద్దు రెండున్నర' అని రాస్తే కనిపించే తప్పు. కాని 'బోరు కింద నిమ్మతోట సాగవుతోంది కాబట్టి ఈ నాలుగు ఎకరాలను మాగాణిగా లెక్కించాను' అని రాసి ఉంటే? బోరు నీటితో సాగయ్యే మెట్టను మాగాణిగా లెక్కించవచ్చా అన్నది వాదించాల్సిన విషయం. నీటి వనరు ఏది, తోట ఏ తేదీన పెట్టారు, ఏ తేదీ నాటి స్థితి చూడాలి అన్న ప్రశ్నలు వస్తాయి. జవాబు రైతు వైపే ఉండవచ్చు. అయినా అది కళ్లకు కనిపించే తప్పు కాదు, అప్పీలులో తేలాల్సిన తప్పు.

రికార్డు అంటే ఏమిటన్నది కూడా చూసుకోవాలి. 1951లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు నార్తంబర్లాండ్ ట్రిబ్యునల్ కేసులో చెప్పినదాని ప్రకారం కేసు మొదలుపెట్టిన కాగితం, పక్షాల వాదపత్రాలు, నిర్ణయం రికార్డులో ఉంటాయి. సాక్ష్యం ఉండదు, కారణాలు కూడా ట్రిబ్యునల్ తానే ఉత్తర్వులో చేరిస్తేనే ఉంటాయి. మన దగ్గర కోర్టులా విచారించి తేల్చే క్వాసీ జ్యుడీషియల్ అధికారి కారణాలు రాయాల్సిందే కాబట్టి ఉత్తర్వులోని కారణాలే రికార్డుకు గుండెకాయ. అందుకే అఫిడవిట్‌లో తహసీల్దారు ఉత్తర్వులోని ఆ పేరా నెంబరు, ఆ వాక్యం ఎత్తి రాసి పక్కనే సెక్షన్ రాయాలి. 'సాక్ష్యానికి విరుద్ధంగా' అన్న మాటతో మొదలయ్యే గ్రౌండు దాదాపు ఎప్పుడూ పరిధి లోపలి తప్పు గురించే మాట్లాడుతుంది.

మూడు రకాల తప్పులకు మూడు దారులు ఎలా వేరవుతాయో ఇప్పుడు చెప్పవచ్చు. 4వ సెక్షన్ ఉత్తర్వు అంతిమమని చట్టం చెప్పినా రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టు అధికారం పోదు. అయితే అప్పీలు అందుబాటులో ఉండగా నేరుగా రిట్‌కు రావడానికి 1998 నాటి వర్ల్‌పూల్ తీర్పు కొన్ని మినహాయింపులే ఇచ్చింది: ప్రాథమిక హక్కుల అమలు, సహజ న్యాయం ఉల్లంఘన, పూర్తిగా పరిధి లేని ఉత్తర్వు, చట్టం చెల్లుబాటునే ప్రశ్నించడం. 1949 పట్టా కేసు ఇందులోకి వస్తుంది, ఆర్డీవో దగ్గరికి వెళ్లకుండానే హైకోర్టుకు పోవచ్చు. 1974 కాగితం నమ్మని కేసు రాదు. ఐదు ఎకరాల హద్దు తప్పిన కేసు గురించే చాలామంది పొరబడతారు. కనిపించే చట్ట దోషం సెర్షియోరరీకి కారణం అవుతుంది గాని ఆ మినహాయింపుల జాబితాలో లేదు. కాబట్టి అప్పీలు గడువు ఉన్నప్పుడు ముందు ఆర్డీవో దగ్గరికే వెళ్లాలి. అక్కడా అదే తప్పు నిలిచి, పైన జిల్లా స్థాయిలోనూ దిద్దకపోతే అప్పుడు రిట్‌లో అది గట్టి గ్రౌండు. ఇదే తగాదా సివిల్ కోర్టు ఉత్తర్వు మీదైతే లెక్క మారుతుంది. 2015 నాటి రాధేశ్యాం తీర్పు తర్వాత సివిల్ కోర్టు జ్యుడీషియల్ ఉత్తర్వు మీద 226 కింద సెర్షియోరరీ రాదు, 227 కింద పర్యవేక్షణ అధికారమే మిగిలింది.

1968 నాటి అనిస్మినిక్ తీర్పుతో ఇంగ్లండ్‌లో చట్ట దోషాలన్నీ దాదాపు పరిధి దోషాలే అయిపోయాయి. మన సుప్రీంకోర్టు 1972లో ఎం.ఎల్. సేథీ కేసులో పాత భావన నుంచి దూరం జరిగిన సంగతి గుర్తించింది గాని, ఇక్కడ పరిధి దోషం, చట్ట దోషం అన్న రెండు గదుల మధ్య గోడను పూర్తిగా పడగొట్టలేదు. అనిస్మినిక్ ఒక్కటే పట్టుకుని అప్పీలు మానేయడం మన పరిస్థితిలో ప్రమాదం.

పరిధి లేని ఉత్తర్వు చెల్లదని, ఎప్పుడైనా ఎక్కడైనా ప్రశ్నించవచ్చని 1954 నాటి కిరణ్ సింగ్ తీర్పు చెప్పిన మాట నిజమే. దాన్ని విని ఉత్తర్వు అందినా ఊరుకునేవాళ్లున్నారు. 1991లో గురుదేవ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ఉత్తర్వు శూన్యమైనదైనా దాని దెబ్బ తగిలినవాడు గడువులోపల కోర్టుకు వచ్చి ఆ మాట అనిపించుకోవాల్సిందేనని స్పష్టం చేసింది. ఈలోగా పంచనామా జరిగి భూమి స్వాధీనమై, ఇంకొకరికి కొత్త పట్టా ఇచ్చేస్తే, గెలిచిన తర్వాత కూడా తోట చేతికి రావడానికి ఇంకో పోరాటం కావాలి.

గెలిస్తే వచ్చే ఫలితం కూడా ఒకటి కాదు. 1949 పట్టా కేసులో షరతు లేదని తేలితే హైకోర్టు ఉత్తర్వును రద్దు చేస్తుంది, తహసీల్దారు అదే చట్టం కింద మళ్లీ మొదలుపెట్టడానికి ఏమీ మిగలదు. షరతు ఉందా లేదా అన్నది అసలు రికార్డు చూడకుండా తేలదనిపిస్తే మాత్రం ఆ ఒక్క ప్రశ్న మీద విచారణకు వెనక్కి పంపవచ్చు. ఐదు ఎకరాల కేసులో మామూలుగా రద్దుతో పాటు రిమాండు వస్తుంది. సరైన హద్దుతో మళ్లీ తేల్చమంటారు. రిమాండులో తహసీల్దారు 1974 కొనుగోలును కూడా మళ్లీ అనుమానించకుండా ఉండాలంటే, రిట్ ఉత్తర్వులోనే 'నమ్మిన వాస్తవాలను తిరిగి తెరవకుండా, భూమి లేని పేదవాడా కాదా అన్న అంశం వరకే' అన్న మాట అడిగి రాయించుకోవాలి.